బల్ల అడుగు కూడా చూపించాలి

ఫర్నిచర్ షాపులో డైనింగ్ టేబుల్ కొనబోయే మనిషిని గమనించండి. ముందు కాస్త దూరంగా నిలబడి మొత్తం చూస్తాడు. దగ్గరికొచ్చి పైన అరచేత్తో నిమురుతాడు. వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటాడు. ఒక మూల పట్టుకుని ఊపుతాడు. చెక్క సంగతి తెలిసినవాడైతే వంగి, అడుగున ఏ కర్ర వేశారో, కాళ్లు ఎలా బిగించారో చూస్తాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మోకాళ్లు తగులుతున్నాయేమో చూసుకుంటాడు. ఆ తర్వాతే ధర అడుగుతాడు.

అదే టేబుల్‌ను వెబ్‌సైటులో చూసేవాడికి ఇందులో ఒక్కటీ కుదరదు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లో ఉండి అమ్మానాన్నల ఇంటికి మంచం పంపించాలనుకునే ఆమెకో ఉన్నవి ఫొటోలే. అందుకే ఫర్నిచర్ ఫొటోల ప్రణాళిక కెమెరాతో మొదలుకాదు. కొనేవాళ్లు చేత్తో, కంటితో, ఒంటితో అడిగే ప్రశ్నల జాబితాతో మొదలవుతుంది. ప్రతి ప్రశ్నకూ జవాబుగా ఒక ఫొటో రాసుకుంటే వచ్చేదే షాట్ లిస్ట్. ఆ ఫొటోలు ఇవాళ తీసినా, ఆరు నెలల తర్వాత వేరే మనిషి తీసినా ఒకే కార్ఖానావిగా కనబడేందుకు రాసుకునే నియమాలే స్టైల్ గైడ్. ఈ రెండు కాగితాలూ ఎలా తయారవుతాయో ఒక ఉదాహరణతో చూద్దాం.

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో టేకు సామాను చేసే చిన్న కార్ఖానా ఉందనుకుందాం. ఐదుగురు వడ్రంగులు, ఒక పాలిష్ మేస్త్రి. వెబ్‌సైటులో పెట్టాలనుకున్నవి 12 వస్తువులు: డైనింగ్ టేబుల్, కుర్చీ, బెంచీ, డబుల్ కాట్ మంచం, దివాన్, ఊయల బల్ల, బీరువా, టీవీ స్టాండు, పుస్తకాల అల్మరా, చదువుకునే బల్ల, టీపాయ్, పూజా మందిరం.

ఒక టేబుల్, ఆరు ప్రశ్నలు

డైనింగ్ టేబుల్ తీసుకుందాం. పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు మూడడుగులు, ఎత్తు రెండున్నర అడుగులు.

మొదటి ప్రశ్న, ఇది ఎలా ఉంటుంది? దీనికి జవాబు ఓరగా తీసిన ఫొటో. ముందు వైపు, పక్క వైపు, పై పలక మూడూ ఒకేసారి కనబడాలి. జాబితా పేజీలో కనబడేదీ, వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకు పంపుకునేదీ ఇదే.

రెండో ప్రశ్న, కొలతలేమిటి? ఎదురుగా నిలబడి, కెమెరాను పలక ఎత్తులోనే పెట్టి తీసిన ఫొటో కావాలి. పలక మందం, కాళ్ల మధ్య దూరం సరిగ్గా కనబడేది ఇందులోనే. తర్వాత దీనిమీదే అంకెలు రాస్తారు కాబట్టి చుట్టూ ఖాళీ వదిలి తీయాలి. ఆ ఖాళీ సంగతి జాబితాలో రాయకపోతే ఫొటోగ్రాఫర్ అలవాటుగా దగ్గరకంటా తీస్తాడు. అప్పుడు అంకెలు టేబుల్ మీద పడతాయి.

మూడోది, కూర్చుంటే ఎలా ఉంటుంది? పక్కనుంచి, ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉండగా తీయాలి. తొడకూ పలక అడుగుకూ మధ్య జాగా తెలియాలి. ఈ ఫొటో పరిమాణాన్ని కూడా చెబుతుంది. వెబ్‌సైటులో టీపాయ్, బీరువా రెండూ ఒకే సైజు చదరంలో కనబడతాయి. పక్కన మనిషి లేకపోతే ఏది ఎంతో కంటికి అందదు.

నాలుగోది, చెక్క నిజంగా ఎలా ఉంది? పలక మీద ఒక అడుగు మేర, అంచు కూడా కనబడేలా దగ్గరి ఫొటో. వెలుతురు పక్కనుంచి, పలకను ఒరుసుకుంటూ పడితే చెక్క చారలూ, పాలిష్ నునుపూ తెలుస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే రెండూ పోయి ప్లాస్టిక్ షీటులా కనబడుతుంది.

ఐదోది, ఎలా అతికించారు? కాలూ పలక కింది పట్టీ కలిసే మూల. ఒక కర్ర కొసను చెక్కి మరో కర్ర బెజ్జంలో దూర్చి బిగించారా, ఇనుప బ్రాకెట్టు పెట్టి స్క్రూలు కొట్టారా అన్నది ఇక్కడ తేలిపోతుంది. ధరలో తేడా ఎందుకొచ్చిందో పేరాలు పేరాలు రాయనక్కర్లేకుండా ఈ ఒక్క ఫొటో చెబుతుంది.

ఆరోది, అడుగున ఏముంది? టేబుల్‌ను పక్కకు పడుకోబెట్టి అడుగు భాగం తీయాలి. చాలామంది తయారీదారులు దీన్ని వదిలేస్తారు. పైన చేవ ఉన్న కర్ర వేసి, కింద పట్టీలకు తెల్ల చెక్క వాడేవాళ్లున్నారని కొనేవాళ్లకు తెలుసు. చూపించకపోతే అదే అనుమానం మిగులుతుంది.

ఆరు ఫొటోలు అన్ని వస్తువులకూ ఒకేలా ఉండవు. మంచానికి అడుగు భాగం బదులు పరుపు తీసేసి పట్టీలు చూపించాలి. విప్పి మేడ మీదికి ఎక్కించగలిగేదైతే బోల్టులు పట్టే చోటు చూపించాలి. బీరువాకు తలుపులు తెరిచి అరల లోతు చూపించాలి, వెనక పలక ప్లైవుడ్ అయితే అదీ చూపించాలి. ఊయల బల్లకు గొలుసు తగిలించే కొక్కెమే ముఖ్యం. అందుకే జాబితాలో ప్రతి వరుసలో ఫొటో పేరుకు ముందు ప్రశ్న రాసుకోవడం మంచిది. ‘దగ్గరి ఫొటో’ అని రాస్తే ఫొటోగ్రాఫర్ అందంగా ఉన్న చోటు తీస్తాడు. ‘కాలు ఎలా అతికింది’ అని రాస్తే కావలసిన చోటే తీస్తాడు. ఆ పక్కన కెమెరా ఏ వైపు, ఎంత ఎత్తు, ముందుగా ఏం సిద్ధం చెయ్యాలి, ఫొటో పేజీలో ఎక్కడికి వెళుతుంది అన్నవి రాస్తే వరుస పూర్తవుతుంది.

లెక్క వేస్తే మూడు రోజులు

‘ఒక్క ఆదివారం కూర్చుంటే అయిపోతుంది’ అన్న అంచనా ఇక్కడ తప్పుతుంది. 12 వస్తువులకు ఆరేసి చొప్పున 72 ఫొటోలు. వీటికి తోడు ఇంట్లో అమర్చినట్టు చూపించే గది ఫొటోలు కావాలి. అవి అన్నిటికీ తీయలేం, బాగా అమ్ముడుపోయే మూడింటికి నాలుగేసి చాలు, అంటే 12. కార్ఖానాలో పని జరుగుతుండగా తీసేవి ఆరు: దుంగ కోత, చిత్రిక పట్టడం, అతుకు చెక్కడం, నగిషీ, పాలిష్, ప్యాకింగ్. మొత్తం 90.

ఇప్పుడు టైము. ఒక వస్తువును ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, దుమ్ము తుడిచి, వేలిముద్రలు పోయేలా మెత్తటి గుడ్డతో రుద్ది, సరైన చోట నిలబెట్టి, వెలుతురు సరిచేయడానికి 25 నిమిషాలు పడుతుంది. ఒక్కో ఫొటోకు ఐదేసి నిమిషాల లెక్కన ఆరింటికి అరగంట. అంటే వస్తువుకు 55 నిమిషాలు, 12 వస్తువులకు 11 గంటలు. గది ఫొటోలకు ఒక్కోదానికి రెండు గంటలేసి ఆరు గంటలు. కార్ఖానా ఫొటోలకు మూడు గంటలు. మొత్తం 20 గంటలు. కిటికీ వెలుతురుతో తీసేటప్పుడు రోజుకు పనికొచ్చేది ఏడు గంటలకు మించదు కాబట్టి ఇది మూడు రోజుల పని.

వస్తువుకు పట్టే టైములో దాదాపు సగం మోతకూ తుడుపుకూ పోతోంది, అంతా కెమెరా నొక్కడానికి కాదు. అందువల్ల క్రమం కూడా ముందే వెయ్యాలి. పెద్ద సామాను, అంటే బీరువా, మంచం, మోసే మనుషులు అలిసిపోకముందే ఉదయం పెట్టుకోవాలి. ఒకే కెమెరా ఎత్తుకు వచ్చేవి, అంటే టేబుల్, చదువుకునే బల్ల లాంటివి, ఒకదాని వెంట ఒకటి తీసేయాలి. గది ఫొటోలకు వేరే రోజు కేటాయించాలి. తెల్ల గోడ ముందు తీసేదాన్నీ గదిలో తీసేదాన్నీ ఒకే పూటలో కలిపితే వెలుతురు అమరికకే పూట గడిచిపోతుంది.

టైము చాలకపోతే ఏది తగ్గించాలో కూడా జాబితాలోనే ఉండాలి. గది ఫొటోల్లో సగం మానుకోవచ్చు. అతుకు ఫొటో మానుకోకూడదు. గది అందంగా ఉంటే చూసేవాళ్లు ఆగుతారు, అతుకు కనబడితే కొంటారు.

ఇంతా చేసి ఇంకో చిక్కుంది. ఆర్డరు మీద చేసే కార్ఖానాలో 12 వస్తువులూ ఒకే రోజున తయారై ఉండవు. బీరువా పెళ్లిళ్ల సీజనులో పూర్తయి వారంలో వెళ్లిపోతుంది. ఊయల బల్లకు ఆర్డరు వచ్చేసరికి ఇంకో మూడు నెలలు. కాబట్టి ఆ 20 గంటలు ముక్కలై ఏడాదంతా పరుచుకుంటాయి. ఒక ముక్క ఎండాకాలపు వెలుతురులో, మరో ముక్క ముసురులో, ఒకటి స్టూడియో ఫొటోగ్రాఫర్ చేత్తో, మరొకటి యజమాని మేనల్లుడి ఫోనుతో. స్టైల్ గైడ్ అవసరం ఇక్కడ పుడుతుంది.

దూరం, ఎత్తు

గైడులో మొదట రాయాల్సింది కెమెరా ఎక్కడ ఉండాలో. ఫోనులో మామూలుగా తెరుచుకునే కెమెరా విశాలమైన కోణంది. టేబుల్ మొత్తం తెరలో పట్టాలంటే నాలుగడుగుల దూరానికి వెళితే చాలు. చిన్న షాపులో అదే సుఖం కాబట్టి అందరూ అలాగే తీస్తారు. తంటా ఏమిటంటే, దగ్గరి కాలు నాలుగడుగుల్లో ఉంటే ఎదుటి మూల కాలు పదడుగుల్లో ఉంటుంది. దగ్గరిది రెండున్నర రెట్లు పెద్దగా పడుతుంది. ఒక కాలు దుంగలా, ఒకటి పుల్లలా కనబడి, టేబుల్ వంకరగా చేశారేమో అనిపిస్తుంది. పన్నెండు అడుగుల దూరం వెళితే దగ్గరి కాలు 12, దూరపు కాలు 18 అడుగులు. తేడా ఒకటిన్నర రెట్లకు దిగుతుంది, కంటికి సహజంగా తోస్తుంది.

అంత దూరం నుంచి టేబుల్ చిన్నగా కనబడకుండా ఉండాలంటే ఫోనులో 2x, కెమెరాలో అయితే 50 నుంచి 70 మిల్లీమీటర్ల లెన్సు వాడాలి. వంకర తెచ్చేది లెన్సు కాదు, దగ్గరితనం. ఈ సంగతి తెలిస్తే ‘మంచి కెమెరా లేదు’ అన్న దిగులు సగం తగ్గుతుంది. షాపులో జాగా లేకపోతే తలుపు తీసి వరండాలోంచి తీసినా సరే, దూరం మాత్రం పోగొట్టుకోకూడదు.

ఎత్తు వస్తువును బట్టి మారుతుంది. టేబుల్‌కు నాలుగున్నర అడుగులు పెడితే పలక కాస్త కనబడుతుంది. కుర్చీకి మూడడుగులు చాలు. ఆరున్నర అడుగుల బీరువాకు సరిగ్గా సగం ఎత్తులో, అంటే మూడుంబావు అడుగుల్లో పెట్టి కెమెరాను సమంగా ఉంచాలి. నిలబడి తీస్తే కెమెరా కిందికి వంగుతుంది, బీరువా కిందికి సన్నబడి పడిపోయేలా కనబడుతుంది. ఈ తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఫొటో అంచు పక్కన బీరువా అంచును పోల్చి చూడండి. రెండూ ఒకే దూరంలో కిందిదాకా సాగకపోతే కెమెరా వంగినట్టే. టేబుల్‌ను పైనుంచి చూపించడానికి కొద్దిగా వంచక తప్పదు. ఆ వంపును తర్వాత ఎడిటింగ్‌లో నిటారు చెయ్యమని గైడులో రాయాలి.

టేకు రంగుతో పేచీ

ఫర్నిచర్ వెనక్కి పంపే గొడవల్లో తరచూ వినబడే మాట, ‘ఫొటోలో రంగు వేరు’. టేకు విషయంలో ఇది మూడు చోట్ల పుడుతుంది.

ఒకటి కెమెరాలో. ఫోను తనకు తానే వెలుతురు రంగును అంచనా వేసి సరిచేస్తుంది. తెర నిండా గోధుమ రంగు చెక్కే ఉంటే, వెలుతురే పసుపుగా ఉందని పొరబడి నీలం కలుపుతుంది. అందుకే దూరం నుంచి తీసిన టేబుల్ తేనె రంగులోనూ, అదే టేబుల్ దగ్గరి ఫొటో బూడిద రంగులోనూ వస్తుంటాయి. దీనికి మందు గ్రే కార్డు. ఇది తటస్థమైన బూడిద రంగు అట్ట, ఫొటో సామాను షాపుల్లో దొరుకుతుంది. ప్రతి వస్తువు ముందూ దీన్ని పెట్టి ఒక ఫొటో తీసి, ఎడిటింగ్‌లో ఆ అట్టను నొక్కి రంగు సరిచేసి, అదే సర్దుబాటును ఆ వస్తువు ఆరు ఫొటోలకూ వెయ్యాలి. ఫోనులో వైట్ బ్యాలెన్సును చేత్తో బిగించే వీలుంటే ఒక విలువ దగ్గర బిగించేయాలి.

రెండోది గదిలో. కిటికీ వెలుతురు, ట్యూబులైటు, పసుపు బల్బు మూడూ కలిస్తే టేబుల్ ఒక పక్క నీలంగా, ఒక పక్క ఆకుపచ్చగా, ఒక పక్క పసుపుగా కనబడుతుంది. దీన్ని ఏ ఎడిటింగూ పూర్తిగా సరిచెయ్యలేదు. గైడులో ఒకే వాక్యం చాలు: ఫొటో తీసేటప్పుడు లైట్లన్నీ ఆర్పాలి, ఎడమ వైపు కిటికీ ఒక్కటే తెరవాలి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టాలి. కుడి వైపు నీడ మరీ నల్లగా ఉంటే తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెట్టాలి. అన్ని ఫొటోల్లోనూ వెలుతురు ఎడమ నుంచే వస్తే, పన్నెండు వస్తువులూ ఒకే ఇంట్లో ఉన్నట్టు కనబడతాయి.

మూడోది చెక్కలోనే ఉంది. చిత్రిక పట్టిన కొత్తలో టేకు ఒకే రంగులో ఉండదు. ఆకుపచ్చ ఛాయలు, నల్లటి చారలు కనిపిస్తాయి. వెలుతురు తగిలేకొద్దీ అవి కలిసిపోయి బంగారు గోధుమ రంగు వస్తుంది. కాబట్టి రంపపు పొట్టు దులిపిన రోజునే తీసిన ఫొటోకూ, కొన్నాళ్లకు ఇంట్లో ఉన్న వస్తువుకూ తేడా వచ్చి తీరుతుంది. దీన్ని దాచాలని చూసేకన్నా జాబితాలో చేర్చడం మేలు. పాత గిరాకీ ఒకరి ఇంట్లో రెండేళ్లుగా వాడుతున్న కుర్చీని, వాళ్ల అనుమతితో, కొత్త కుర్చీ పక్కన పెట్టి ఒక ఫొటో తీస్తే చాలు. ‘ఇప్పుడు ఇలా, తర్వాత ఇలా’ అన్న సంగతి కొనకముందే తెలుస్తుంది.

రంగుకు ఒక కొలబద్ద కూడా కావాలి. కార్ఖానా వేసే ప్రతి పాలిష్‌కూ అరడుగు చదరపు చెక్క ముక్క మీద నమూనా చేయించి, వెనక తేదీ రాసి, వెలుతురు తగలని సొరుగులో దాచాలి. తీసిన ఫొటోను తెర మీద తెరిచి ఆ ముక్కను పక్కన పెట్టి పోల్చాలి. ఫోను తెరలు రంగులను కొంచెం గాఢంగా చూపిస్తాయి కాబట్టి, రెండు మూడు ఫోనుల్లో చూశాకే ఖాయం చెయ్యాలి. ఫైలును sRGB లోనే దాచాలన్నది గైడులో ఉండాల్సిన ఇంకో వాక్యం. వేరే రంగుల పద్ధతిలో దాచినవి కొన్ని చోట్ల వెలిసిపోయినట్టు కనబడతాయి.

పాలిష్ మెరుపు ఇంకో పేచీ. నిగనిగలాడే పీయూ పాలిష్ మీద కిటికీ తెల్లటి మచ్చలా పడి చారలను కప్పేస్తుంది. దగ్గరి ఫొటోలకు లెన్సు ముందు పోలరైజింగ్ ఫిల్టరు పెట్టి తిప్పితే మచ్చ తగ్గుతుంది. పలకకూ చూపుకూ మధ్య కోణం 35 డిగ్రీల దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. పన్నెండు అడుగుల దూరం నుంచి చూపు పలకను దాదాపు ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ ఫిల్టరుతో లాభం తక్కువ. ఆ కోణంలో పలక మీద పడేది టేబుల్ వెనకున్న గోడ. గోడ మరీ తెల్లగా ఉంటే పలకా తెల్లబారుతుంది. కెమెరాను ఇంకాస్త ఎత్తితే తగ్గుతుంది. మెరుపు మొత్తం తీసేయడమూ తప్పే. మెరిసే పాలిష్‌కూ మెరుపు లేని పాలిష్‌కూ తేడా తెలియాలంటే అంచున కొంచెమైనా మిగలాలి.

ఇంత శ్రమ ఎందుకు, కంప్యూటర్లోనే బొమ్మ గీయిస్తే పోదా అనే ప్రశ్న వస్తుంది. ఐకియా కంపెనీ 2006లో బెర్టిల్ అనే కుర్చీ బొమ్మతో ఆ దారి పట్టింది. వేల సంఖ్యలో ఒకే అచ్చున వచ్చే సామానుకు అది సరిపోతుంది. గట్టి టేకుతో చేతిపనిగా చేసేచోట ఒక పలకలో ఉన్న చార ఇంకో పలకలో ఉండదు. గీసిన చార ఏ ఇంటికీ చేరదు.

ఇచ్చేది ఏది, ఇవ్వనిది ఏది

గది ఫొటోల్లో వచ్చే తప్పులు వెలుతురువి కావు, అలంకరణవి. మంచం మీద మెత్తటి పరుపు, నాలుగు దిండ్లు, మీద అందమైన దుప్పటి వేసి తీస్తారు. చూసినవాళ్లు ఫోను చేసి ‘పరుపుతో కలిపి ఎంత’ అంటారు. పరుపు రాదంటే, ఫొటోలో ఉందిగా అంటారు. ఇది మాటతో పోయేది కాదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువు ప్రకటన దాని అసలు లక్షణాలతో సరిపోవాలి. చెప్పినట్టుగా లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు.

గైడులో దీనికి మూడు నియమాలు చాలు. మొదటి ఫొటోలో అమ్మే వస్తువు తప్ప ఇంకేమీ ఉండకూడదు. గది ఫొటోలో పక్క సామాను మూడుకు మించకూడదు, అతుకుల్నీ కాళ్లనూ కప్పకూడదు. అమ్మకానికి లేనిది ఏదైనా కనబడితే ఫొటో కిందే ‘పరుపు, దిండ్లు విడిగా’ అని రాయాలి. పక్కన పెట్టేవి కూడా ఇంటివే అయితే మేలు. డైనింగ్ టేబుల్ మీద స్టీలు కంచాలు, మంచినీళ్ల చెంబు ఉంటే పలక మీద ఆరు కంచాలు పడతాయా లేదా అన్న సందేహం కూడా తీరుతుంది. ఎవరూ వాడని వైన్ గ్లాసులు ఆ పని చెయ్యలేవు.

తెర మీదికి

వెబ్‌సైటు జాబితా పేజీలో అన్ని వస్తువులూ ఒకే ఆకారపు గడుల్లో కనబడతాయి. బెంచీ అడ్డంగా పొడవు, బీరువా నిలువుగా పొడవు. రెంటికీ సరిపడే చదరం, అంటే 1:1, ఇక్కడ సురక్షితం. వస్తువు గడిలో ఐదింట నాలుగు వంతులు నిండాలి. కింది అంచు నుంచి నేల గీత ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండాలి. గడి ఎత్తులో ఏడో వంతు దగ్గర అనుకుందాం. ఈ ఒక్కటి పాటించకపోతే పేజీని పైకి జరిపేటప్పుడు ఒక కుర్చీ గాలిలో, ఒక మంచం నేలలో ఉన్నట్టు కనబడతాయి.

వెనక గోడకు మెరుపు లేని, కొద్దిగా వెచ్చటి తెలుపు రంగు వేయించి, తెర మీది దాని విలువ, ఉదాహరణకు `#F2EFEA`, గైడులో రాసుకోవాలి. అమెజాన్ లాంటి చోట్ల కూడా అమ్మాలనుకుంటే అక్కడి మొదటి ఫొటోకు పూర్తి తెలుపు, అంటే 255, 255, 255, అడుగుతారు. వస్తువు 85 శాతం నిండాలంటారు. ఆ కాపీ విడిగా తయారుచేసుకోవాలి కానీ, సొంత వెబ్‌సైటును దానికి తగ్గట్టు మార్చుకోనక్కర్లేదు. పూర్తి తెలుపులో లేత టేకు అంచులు వెలుతురులో కరిగిపోతాయి.

అసలు ఫొటోలు పెద్దవిగానే దాచుకుని, వెబ్‌సైటుకు పొడవైన వైపు 2000 పిక్సెళ్ల కాపీ పెడితే వేళ్లతో పెద్దది చేసినా చెక్క చారలు కనబడతాయి. ఫైలు పేర్లలోనే వస్తువు, పాలిష్, ప్రశ్న ఉంటే తర్వాత వెతుకులాట తప్పుతుంది:

```
table6-teak-natural-01-oraga.jpg
table6-teak-natural-05-atuku.jpg
```

ఒక కాగితం మీద పరీక్ష

తీసిన ఫొటోలు ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. తప్పు బయటపడేది పక్కపక్కన పెట్టినప్పుడే. పన్నెండు వస్తువుల మొదటి ఫొటోలను తపాలా బిళ్లల సైజులో ఒకే పేజీలో అచ్చు వేయించి, చెయ్యి చాచి పట్టుకుని చూడాలి. నేల గీతలు ఎక్కువ తక్కువలుగా ఉన్నాయా, ఏదైనా ఒకటి మిగతావాటికన్నా పసుపుగా ఉందా, ఒకదాని నీడ ఎడమకు పడిందా అన్నవి అప్పుడు వెంటనే కంటికి తగులుతాయి. మొత్తం అచ్చువేయడానికి అయ్యే ఖర్చు ఒక కాఫీ ఖరీదు. వెబ్‌సైటు తయారయ్యాక దొరికే తప్పుకు మాత్రం బీరువాను మళ్లీ మోసుకురావాలి. అది అప్పటికే ఎవరింటికో వెళ్లిపోయి ఉంటుంది.

రెండో పరీక్ష ఫోను దగ్గర జరుగుతుంది. వెబ్‌సైటు చూసి ఫోను చేసినవాళ్లు అడిగిన ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ‘సొరుగు పూర్తిగా బయటికి వస్తుందా’ అని ముగ్గురు అడిగారంటే జాబితాలో ఒక వరుస తక్కువైందని అర్థం. ఎవరూ అడగని, ఎవరూ చూడని ఫొటో ఉంటే దాన్ని వచ్చేసారి మానుకోవచ్చు. ఇలా ఏడాది గడిచేసరికి ఆరు ప్రశ్నల జాబితా కొన్ని వస్తువులకు ఎనిమిది అవుతుంది, కొన్నింటికి నాలుగుకు దిగుతుంది.

గైడు రెండు పేజీలకు మించితే ఎవరూ తెరవరు. దూరం, ఎత్తు, వెలుతురు వైపు, గోడ రంగు, గడి ఆకారం, నేల గీత, పక్క సామాను నియమాలు, ఫైలు పేర్లు, ఇంతే. ఇందులో సగాన్ని కాగితం మీద కాకుండా నేల మీదే రాసేయొచ్చు. కార్ఖానాలో కిటికీ పక్క మూలలో వస్తువు నిలబెట్టే చోటుకు నాలుగు గుర్తులు, పన్నెండు అడుగుల దూరంలో కెమెరా స్టాండుకు మూడు గుర్తులు రంగుతో వేయించి, స్టాండు మీద మూడడుగులు, మూడుంబావు, నాలుగున్నర దగ్గర టేపు చుట్టాలి. మర్నాడు కొత్త టీపాయ్ తయారైతే, పాలిష్ మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు కూడా దాన్ని గుర్తుల మధ్య పెట్టి, అట్ట పట్టి, ఫోనుతో ఆరు ఫొటోలు తీసి పంపగలగాలి. తీసినది మిగతా పదకొండింటి పక్కన ఇమిడిపోతే గైడు సరిగ్గా రాసినట్టు. లేకపోతే ఆ కుర్రాణ్ణి అనకుండా, గైడులో ఏ వాక్యం లోపించిందో వెతకాలి.